ప్రశ్నే జవాబు చెప్పేస్తే: సర్వే ప్రశ్నావళిపై అపోహలు – వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకో, పరిశోధన పద్ధతుల పేపరుకో ఇంటింటి సర్వే చేయడం ఇప్పుడు మామూలైంది. ప్రశ్నావళి తయారీ పాఠం మాత్రం చాలాచోట్ల ‘చేయకూడనివి’ అనే జాబితాతో ముగుస్తుంది. జవాబును ముందే అందించే ప్రశ్నలు రాయకూడదన్నది ఆ జాబితాలో మొదటి సూత్రం. సూత్రం మంచిదే. అయితే ప్రశ్నలోని మొగ్గు దాన్ని రాసినవారికి కనిపించదు, విన్నవారి జవాబులోనే బయటపడుతుంది. అందుకే ఈ మాడ్యూల్లో ఎక్కువ సమయం సూత్రాలకు కాక, చిన్న పైలట్ పరీక్షకు దక్కాలి. ఎందుకో ఈ నాలుగు అపోహలను పరిశీలిస్తే తెలుస్తుంది.

అపోహ 1: జవాబును అందించే ప్రశ్న చూడగానే తెలిసిపోతుంది.

వాస్తవం: ‘అవినీతిని అరికట్టే ఈ గొప్ప పథకాన్ని మీరు సమర్థిస్తారా?’ లాంటి ప్రశ్నను ఎవరైనా పట్టేస్తారు. చిక్కంతా మర్యాదగా కనిపించే ప్రశ్నలతోనే. స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణకు అక్కడి ప్రభుత్వం మొదట ప్రతిపాదించిన ప్రశ్న ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలన్నదాన్ని మీరు అంగీకరిస్తారా?’ అని ఉండేది. పైకి అందులో తప్పేమీ కనిపించదు. బ్రిటన్ ఎన్నికల కమిషన్ దాన్ని సామాన్య ఓటర్ల ముందు పెట్టి పరీక్షించింది. ‘అంగీకరిస్తారా’ అన్న మాట ‘అవును’ వైపు మొగ్గు చూపుతోందని తేల్చి, 2013 జనవరిలో మార్పు సూచించింది. 2014లో ఓటర్లు చూసిన ప్రశ్న ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అన్నదే. ఒక దేశ భవిష్యత్తును తేల్చే ప్రశ్నలోని మొగ్గు కూడా ఓటర్లతో పరీక్షించాకే రూఢి అయింది. తరగతి గదిలో రాసిన ఇరవై ప్రశ్నలను కంటితో చూసి సరే అనుకోవడం ఏ మాత్రం చాలదు.

అపోహ 2: అర్థం ఒకటే అయితే మాట మారినా జవాబు మారదు.

వాస్తవం: అమెరికాలో డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన ప్రయోగం దీనికి గట్టి సమాధానం. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను దేశం ‘అనుమతించాలా?’ అని ఒక బృందాన్ని అడిగారు. 62 శాతం మంది వద్దన్నారు. అలాంటి మరో బృందాన్ని ‘నిషేధించాలా?’ అని అడిగారు. నిషేధించాలన్నవారు 46 శాతమే. అనుమతించకపోవడం, నిషేధించడం తర్కంలో ఒకటే. కానీ ‘నిషేధం’ అన్న మాట కఠినంగా వినిపించి కొందరిని వెనక్కి లాగింది. ఈ రెండు మాటల్లో ఏదీ జవాబును బాహాటంగా అందించడం లేదు, అయినా ఫలితం ఎంతో మారింది.

దీనికొక అభ్యంతరం రావచ్చు. పూర్తిగా తటస్థమైన మాటే లేకపోతే ఈ శ్రమంతా దేనికి? తటస్థత అందకపోయినా, మాట ప్రభావం ఎంతో కొలవడం సాధ్యమే. రెండు రూపాల్లో అడిగి తేడా చూస్తే, ఆ అభిప్రాయం ఎంత గట్టిదో కూడా తెలుస్తుంది. విద్యార్థి తన నివేదికలో శాతాన్ని ఒక్కదాన్నే ఇవ్వకుండా, అడిగిన ప్రశ్నను అక్షరం మార్చకుండా దాని పక్కనే ఇవ్వాలి.

అపోహ 3: ఎక్కువమందిని అడిగితే ప్రశ్నలోని లోపం సర్దుకుంటుంది.

వాస్తవం: మందిని పెంచితే యాదృచ్ఛిక తేడాలు తగ్గుతాయి. ప్రశ్నలో ఉన్న వంకర మాత్రం అందరి జవాబులోనూ ఒకే వైపు చేరుతుంది కాబట్టి ఎంతమందిని అడిగినా అలాగే నిలుస్తుంది. 1992లో రోపర్ సంస్థ అమెరికన్లను అడిగిన ఒక ప్రశ్న సారాంశం ఇది: నాజీలు యూదులను సామూహికంగా చంపడం అసలు జరగలేదన్నది మీకు సాధ్యమనిపిస్తుందా, అసాధ్యమనిపిస్తుందా? 22 శాతం మంది ‘సాధ్యమే’ అన్నారు. దేశమంతా ఉలిక్కిపడింది. లోపం ‘జరగలేదు’, ‘అసాధ్యం’ అన్న రెండు వ్యతిరేకార్థాలు ఒకే వాక్యంలో మెలిపడటంలో ఉంది. 1994లో ప్రశ్నను సూటిగా మార్చి అడిగితే అలా అన్నవారు ఒక్క శాతమే. ప్రశ్నను ముందే కొద్దిమందికి వినిపించి, ఏమర్థమైందో చెప్పమని ఉంటే ఈ మెలిక తెలిసే అవకాశం ఎంతో ఉండేది.

ఈ ప్రమాదం తెలుగులోనూ ఉంది. ‘మీ ఊరికి తాగునీరు సక్రమంగా రావడం లేదని భావిస్తున్నారా?’ అని అడిగితే, ‘లేదు’ అన్న జవాబుకు రెండర్థాలు. నీరు రావడం లేదని ఒకటి, నేనలా భావించడం లేదని మరొకటి. ఏ గడిలో టిక్కు పెట్టాలో అడిగినవారే ఊహించుకోవాల్సి వస్తుంది.

అపోహ 4: పైలట్ అంటే స్నేహితుల చేత ఫారాలు నింపించడం, పదిమందితో తెలిసేదేమీ ఉండదు.

వాస్తవం: పైలట్ శాతాలు లెక్కించడానికి కాదు, లోపాలు పట్టడానికి. ప్రతి ఐదుగురిలో ఒకరిని తికమకపెట్టే లోపం ఉందనుకుందాం. పదిమందిని అడిగితే అది ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం దాదాపు 89 శాతం. ఇరవైమందిలో ఒకరికే ఎదురయ్యే లోపమైతే ఆ అవకాశం 40 శాతమే. అంటే పెద్ద లోపాలను చిన్న పైలట్ పట్టేస్తుంది, అరుదైనవి మిగిలిపోవచ్చు. స్నేహితులు చాలరు, ఎందుకంటే వారి భాష, చదువు రాసినవారివే. సర్వే ఎవరి కోసమో అలాంటివారినే ఎంచుకోవాలి.

పై నీటి ప్రశ్ననే అభ్యాసానికి తీసుకుందాం. తరగతిలో అరవైమంది ఉంటే ఒక్కొక్కరు ఇద్దరిని కలుస్తారు. మొదటి వ్యక్తికి పై ప్రశ్న, లేదా దాని బదులు రాసిన ‘గత ఏడు రోజుల్లో మీ ఇంటి కుళాయికి ఎన్ని రోజులు నీళ్లు వచ్చాయి?’ అన్న ప్రశ్న వేయాలి. ఏది వేయాలో నాణెం ఎగరేసి తేల్చి, రెండోవారికి మిగిలినది వేయాలి. ఒకరినే రెండు రూపాల్లో అడిగితే మొదటిది రెండోదాన్ని ప్రభావితం చేస్తుంది. అంతా కూడితే ఒక్కో రూపానికి అరవై జవాబులొస్తాయి. మొదటి ప్రశ్నకు ‘సరిగా రావడం లేదు’ అన్నవారి శాతాన్ని, రెండోదానికి ఏడు కన్నా తక్కువ రోజులు చెప్పినవారి శాతంతో పోల్చవచ్చు. తేడా సుమారు 18 శాతం పాయింట్లకు లోపే ఉంటే అది యాదృచ్ఛికమే కావచ్చు. అంతకు మించితే ప్రశ్న రూపమే కారణమని అనుమానించాలి.

అసలు పని జవాబు తర్వాత మొదలవుతుంది. ‘ఈ ప్రశ్న మీకేమని అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’, ‘ఆ జవాబుకు ఎలా వచ్చారు?’ అని అడిగి, విన్నది విన్నట్టు రాయాలి. ‘సక్రమంగా’ అంటే ఒకరికి వేళకు రావడం, మరొకరికి మురికి లేకపోవడం కావచ్చు. కుళాయి నీళ్లను వాడకానికే ఉంచి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను కొనే ఇల్లు దొరికితే, రెండో ప్రశ్న కూడా తాగునీటి గురించి చెప్పదని బయటపడుతుంది. అప్పుడు ‘తాగడానికి నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?’ అన్న ప్రశ్న ముందు రావాలి. ఇద్దరు ఒకే చోట తడబడితే ఆ ప్రశ్నను తిరగరాసి, కొత్త రూపాన్ని మరికొందరిపై మళ్లీ పరీక్షించాలి. పైలట్ జవాబులను అసలు సర్వేలో కలపకూడదు.

విద్యార్థులు జంటగా వెళ్తే, ఒకరు అడుగుతున్నప్పుడు రెండోవారు మరో సంగతి గమనించాలి. అచ్చులో ఉన్న గ్రాంథిక వాక్యం ఎదుటివారికి అందనప్పుడు, అడిగేవారు అక్కడికక్కడే ‘నీళ్లు సరిగా రావట్లేదు కదమ్మా?’ అని మార్చేస్తారు. ఆ ‘కదా’తో కాగితం మీది జాగ్రత్తంతా పోతుంది. కాబట్టి ప్రశ్నను మొదటినుంచీ ఆ ప్రాంతం వాడుక మాటల్లోనే రాసి, రాసింది రాసినట్టే చదవాలి.

ఇంత సమయం సిలబస్‌లో లేదనే అధ్యాపకులు ఇరవై ప్రశ్నల ప్రశ్నావళిని ఎనిమిదికి కుదించవచ్చు. మార్కులు కూడా చివరి ప్రశ్నావళికే ఇవ్వకుండా, మొదటి రూపం, పైలట్‌లో విన్న మాటలు, వాటివల్ల మారిన రూపం మూడూ ఉన్న నోటుకు ఇవ్వాలి. పైలట్ తర్వాత ఒక్క ప్రశ్నా మారకపోతే, విద్యార్థి సరిగా విన్నాడా అని అధ్యాపకులు ఆరా తీయాలి.