స్కోరు ‘-1’.. ఎఫ్‌డీ కార్డుతో దారి దొరికింది!

జహీరాబాద్‌లో మా తమ్ముడికి మొబైల్ రిపేర్ షాపుంది. ఎవరికీ రూపాయి బాకీ లేడు. అయినా బైక్ లోన్ అడిగితే కాదన్నారు. సిబిల్ చూస్తే స్కోరు చోట ‘-1’ ఉంది. ‘నేనేం తప్పు చేశానన్నా?’ అన్నాడు. తప్పేమీ లేదు. ఎప్పుడూ అప్పు తీసుకోలేదు కాబట్టి, స్కోరు లెక్కగట్టడానికి చరిత్రే లేదని దానర్థం.

వాడికి జీతం స్లిప్పు లేదు. మామూలు కార్డు రావడం కష్టం. అందుకే 20 వేలు ఎఫ్‌డీ చేసి, దాని మీద కార్డు తీసుకున్నాం. 80 శాతం లెక్కన 16 వేల లిమిట్ ఇచ్చారు. ఎఫ్‌డీకి వడ్డీ వస్తూనే ఉంటుంది. కానీ కార్డు క్లోజ్ చేసేదాకా ఆ డబ్బు ముట్టుకోలేం. అత్యవసరానికి దాచింది ఇందులో పెట్టొద్దు.

మొదటి నెలే 14 వేల స్పేర్ పార్టులు కొన్నాడు. గడువులోపే మొత్తం కట్టాడు. అయినా రిపోర్టులో 14 వేల బాకీ కనిపించింది! కట్టకముందు ఉన్న బాకీయే బ్యూరోకి వెళ్లిందన్నమాట. లిమిట్‌లో 87.5 శాతం వాడితే, అప్పు మీదే బతుకుతున్నాడనుకుంటారు. అప్పట్నుంచి బాకీని 30 శాతం, అంటే 4,800 దాటనివ్వట్లేదు. ఎక్కువ వాడితే బిల్లు కోసం ఆగకుండా వెంటనే కట్టేస్తాడు. ఆర్నెల్లకు ‘-1’ పోయి మూడంకెల స్కోరు వచ్చింది.

‘కట్టకపోతే ఎఫ్‌డీలోంచి తీసుకుంటారుగా?’ అన్నాడోసారి. తీసుకుంటారు. కానీ ఆలస్యం రిపోర్టులో ఉండిపోతుంది. ఎఫ్‌డీ కాపాడేది బ్యాంకు డబ్బుని, మన స్కోరుని కాదు.