‘బాగుంది, కానీ...’ తర్వాత ఏముంది?

2013 మే 21న మైక్రోసాఫ్ట్ తన కొత్త గేమ్ యంత్రం ఎక్స్‌బాక్స్ వన్‌ను ఆవిష్కరించింది. ఆ తర్వాత వారాల్లో నియమాలు ఒక్కొక్కటీ తెలిసేకొద్దీ గేమర్లు మండిపడ్డారు. అయితే ‘జనం కోపంగా ఉన్నారు’ అని తెలిస్తే కంపెనీకి ఒరిగేదేమీ లేదు. దేని మీద కోపమో తెలియాలి. మార్చగలిగేది దాన్నే.

ఇలాంటి ఆవిష్కరణ వీడియో కింద వేల కామెంట్లు పోగవుతాయి. వాటి భావాన్ని కొలవడానికి ‘వేడర్’ వంటి సాధనాలున్నాయి. ఇంగ్లిష్‌లో మెచ్చుకోలు, తిట్టు మాటలకు మార్కులు వేసి, మొత్తం కామెంటుకు మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా అంకె ఇస్తుంది వేడర్. ‘కానీ’కి ముందున్న మాటల బలాన్ని తగ్గించి, తర్వాతి వాటికి పెంచుతుంది కూడా. చాలా తెలివైన ఏర్పాటే.

అయినా ఇలాంటి కామెంటు దాన్ని బోల్తా కొట్టిస్తుంది: ‘కంట్రోలర్ అద్భుతం, బొమ్మ అద్భుతం, కానీ మా ఊళ్లో నెట్ వారానికోసారి వస్తుంది.’ చివరి ముక్కలో తిట్టు ఒక్కటీ లేదు. పెంచడానికి అక్కడ మార్కులే లేవు. ముందున్న పొగడ్త సగానికి తగ్గినా లెక్క మెచ్చుకోలుగానే తేలుతుంది. నిజానికి ఇతను యంత్రం కొనడు. 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు తగిలించాలన్న నియమం అతన్ని బయటికి నెట్టేసింది.

అందుకే కామెంటును ముక్కలు చేసి, ప్రతి ముక్కా దేని గురించో గుర్తించాలి. ముందు రెండు వందల కామెంట్లను ఇద్దరు విడివిడిగా చదివి, నెట్, పాత డిస్కుల అమ్మకం, కెమెరా, ధర అంటూ పద్దులు కట్టుకోవడం మంచిది. ఇద్దరికీ ఎక్కడ పొసగలేదో అక్కడ పద్దు నిర్వచనం సరిగా లేదన్నమాట. మాటల జాబితాతోనే పని జరగదు. ఆ జూన్‌లో ఎక్స్‌బాక్స్ అధిపతి డాన్ మాట్రిక్, నెట్ లేనివాళ్లకు పాత ఎక్స్‌బాక్స్ 360 ఉందన్నారు. అణు జలాంతర్గామిలో పనిచేసే వ్యక్తి ప్రస్తావన కూడా తెచ్చారు. ఇక ఆ తర్వాత ఎవరైనా ‘జలాంతర్గామి’ అని రాస్తే అది నెట్ పద్దులోకే వెళ్లాలి. మనిషి చదివితేనే ఈ సంగతి తెలుస్తుంది.

లెక్కపెట్టాల్సింది కామెంట్లను కాదు, మనుషులను. ఒక్కడే ఇరవైసార్లు అతికించిన వాక్యం ఒక్క అభ్యంతరమే. పైగా కామెంటు పెట్టేవాళ్లంతా కొనేవాళ్లు కారు. ఈ లెక్క అమ్మకాలను ముందే చెప్పలేదు.

జూన్ 19న మైక్రోసాఫ్ట్ నెట్ నియమాన్నీ, పాత డిస్కులపై ఆంక్షలనూ ఎత్తేసింది. 499 డాలర్ల ధర, దాంతోపాటు వచ్చే కినెక్ట్ కెమెరా మాత్రం మిగిలాయి. పోటీదారు ప్లేస్టేషన్ 4 ధర 399. ‘ఖరీదెక్కువ’, ‘కెమెరా నాకెందుకు’ అన్నవి వేర్వేరు పద్దుల్లా కనిపిస్తాయి. కానీ ఆ రెండూ ఒకే మనిషి కామెంటులో పదేపదే జంటగా వస్తున్నాయంటే, అవి ఒకే అభ్యంతరానికి రెండు కొసలు. 2014 జూన్‌లో కినెక్ట్ లేని ఎక్స్‌బాక్స్ వన్ మార్కెట్లోకి వచ్చింది, 399 డాలర్లకు.