ప్రకటనలు మూడు రోజులు ఆపుదామని చెప్పే ఉత్తరం

ఆన్‌లైన్ ప్రకటనలు నడిపే చాలా ఏజెన్సీలు ఖర్చు పెట్టిన మొత్తంలో ఇంత శాతమని ఫీజు తీసుకుంటాయి. ప్రకటనలు ఆగితే వాళ్ల రాబడీ ఆగుతుంది. క్లయింటుకేమో ప్రకటన ఆగడమంటే సగం షట్టర్ దించినంత దిగులు. అయినా కొన్నిసార్లు ఆపుదామని రాయాల్సి వస్తుంది. అలా ఎప్పుడు రాయాలో, ఆ ఉత్తరంలో ఏముండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

గోదావరి జిల్లాలో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల మీద రోజుకు 12,000 రూపాయలు పెడుతున్నారు. ఎవరైనా పచ్చడి కొన్న ప్రతిసారీ వెబ్‌సైట్‌లోని ఒక చిన్న కోడ్ 'ఇదిగో, ఒక అమ్మకం' అని గూగుల్‌కూ మెటాకూ కబురు పంపుతుంది. ఈ వ్యాపారంలో అందరూ ట్యాగ్ అనేది దీన్నే. డబ్బు అందాక వచ్చే 'మీ ఆర్డర్ అందింది' పేజీలో ఇది ఉండాలి. సోమవారం రాత్రి వెబ్‌సైట్ కుర్రాళ్లు చెకౌట్ పేజీని కొత్తగా మార్చారు. ఆ మార్పులో ట్యాగ్ వెళ్లి 'పే' బటన్‌కు అతుక్కుంది. ఇక బటన్ నొక్కితే చాలు, అమ్మకమైనట్టే లెక్క. యూపీఐ మూడుసార్లు ఫెయిలై మూడుసార్లు నొక్కినవాళ్లు ముగ్గురు కొనుగోలుదారులైపోయారు. నొక్కాక మనసు మార్చుకుని వెనక్కి వెళ్లినవాళ్లూ కొన్నట్టే.

డ్యాష్‌బోర్డులో మాత్రం అంతా పచ్చగా కనిపిస్తుంది. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగితే తప్పు వెతకాలని ఎవరికీ తోచదు. దొంగ లెక్క బయటపడేది ఆర్డర్ పుస్తకం తీసి పక్కన పెట్టినప్పుడే. అప్పుడు ఏజెన్సీ మనిషి శుక్రవారం ఉదయం ఇలా రాయాలి:

"నమస్కారమండీ. ఈ రోజు సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా మన ప్రకటనలు ఆపుదామని అడగడానికి రాస్తున్నాను. బుధవారం ప్రకటనల ద్వారా 80 ఆర్డర్లు వచ్చాయని డ్యాష్‌బోర్డు చెబుతోంది. మీ ఆర్డర్ పుస్తకంలో ఆ రోజు మొత్తం ఆర్డర్లే 42. ఫోన్ చేసి తెప్పించుకునే పాత కస్టమర్లు కూడా అందులోనే ఉన్నారు. అంటే డ్యాష్‌బోర్డు లెక్క తప్పు. సోమవారం రాత్రి చెకౌట్ మార్పు తర్వాతే ఇది మొదలైంది.

80 ఆర్డర్లయితే ఒక్కోదానికి ప్రకటన ఖర్చు 150 రూపాయలు. సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోగా మీకు ఆర్డర్‌కు 250 మిగులుతుంది కాబట్టి ఇది లాభమే. కానీ ఆ 42 ఆర్డర్లూ ప్రకటనల వల్లే వచ్చాయనుకున్నా, ఒక్కోదానికి 285 రూపాయల పైన పడింది. నిజం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంటే ఆర్డర్ ఆర్డర్‌కూ చేతి డబ్బు పోతోంది.

మీ షాపు పేరు కొట్టి వెతికేవాళ్లకు కనిపించే గూగుల్ ప్రకటన ఆపం. దానికి ఖర్చు తక్కువ, పైగా దాని బిడ్లు మనం చేత్తో పెట్టినవే. ఈ మూడు రోజుల్లో కొన్ని ఆర్డర్లు తగ్గుతాయి. ఎన్ని తగ్గుతాయో చెప్పలేను, అది చెప్పాల్సిన లెక్కే చెడిపోయింది. ఖర్చు కాకుండా మిగిలేది 36,000 లోపే ఉంటుంది. ట్యాగ్ సరిచేయడం వెబ్‌సైట్ వాళ్ల పని, పరీక్షించడం మా పని. పరీక్ష నెగ్గాకే మళ్లీ మొదలుపెడతాం. ఈ సాయంత్రం అయిదింటిలోపు మీ మాట చెప్పండి."

ఇది చదివి ఆవిడ అడగబోయే మొదటి ప్రశ్న: లెక్క తప్పయితే లెక్క సరిచేయండి, ప్రకటనలెందుకు ఆపడం? న్యాయమైన ప్రశ్నే. పేపర్లో ప్రకటన ఇచ్చే రోజుల్లో అయితే ఆపక్కర్లేదు, ఎవరు కొన్నారో పేపరుకు తెలియదు కదా. ఇప్పుడు ఏ ప్రకటన ఎవరికి చూపాలో, ఒక్కో క్లిక్‌కు ఎంత పాడాలో గూగుల్, మెటా యంత్రాలే నిర్ణయిస్తాయి. ట్యాగ్ పంపే కబుర్లను బట్టే అవి నేర్చుకుంటాయి. 'పే' నొక్కి కొననివాళ్లను కొన్నవాళ్లుగా చూపిస్తే, అలాంటివాళ్లనే వెతికి తెస్తాయి, వాళ్ల కోసం ఎక్కువ ధర పాడతాయి. రోజు గడిచేకొద్దీ తప్పు పాఠం ముదురుతుంది. ఆపమనడానికి అసలు కారణం ఇదే.

అందుకే లెక్క తక్కువగా పడుతున్నప్పుడు నేనైతే ఇంత తొందరపడి ఆపమనను. యూపీఐ కోసం ఫోన్‌పే యాప్‌లోకి వెళ్లిన కస్టమర్ డబ్బు కట్టేసి, బ్రౌజర్‌కు తిరిగి రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆర్డర్ పడుతుంది, ఆ పేజీ తెరుచుకోదు, ట్యాగ్ పలకదు. అప్పుడు యంత్రం బిడ్లు తగ్గించుకుంటుంది, ఖర్చూ తగ్గవచ్చు. అది నష్టమే కానీ మంట కాదు. బడ్జెట్ తగ్గించి, బిడ్లు చేతిలోకి తీసుకుని నడుపుతూనే బాగుచేసుకోవచ్చు. సంక్రాంతి ముందు వారమైతే ఎక్కువ లెక్క పడుతున్నా పూర్తిగా ఆపడం కన్నా ఇదే మేలు.

ఇంకో వాదన కూడా వస్తుంది. ఒకసారి రుచి మరిగిన కస్టమర్ ఏడాదిలో మళ్లీ మళ్లీ కొంటాడు, మొదటి ఆర్డర్‌లో కొంత పోతే పోనివ్వండని. తెలిసి భరించే నష్టమైతే సరే. ఇక్కడ ఎంత పోతోందో ఎవరికీ తెలియదు.

విరామం ఎంత పొట్టిదైతే అంత మంచిది. మెటాలో ప్రకటనల సెట్‌ను ఏడు రోజులో అంతకన్నా ఎక్కువో ఆపితే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు అది నేర్చుకునే దశకు తిరిగి వెళ్తుంది. మూడు రోజులకు ఆ బెడద లేదు.

ట్యాగ్ బాగైందని వెబ్‌సైట్ వాళ్లు చెప్పగానే ప్రకటనలు తెరవకూడదు. నిజం డబ్బుతో ఆర్డర్లు పెట్టి చూడాలి. యూపీఐతో ఒకటి పూర్తిచేయాలి, ఇంకొకటి మధ్యలో రద్దు చేయాలి, క్యాష్ ఆన్ డెలివరీతో ఒకటి పెట్టాలి. చివర్లో 'మీ ఆర్డర్ అందింది' పేజీని రెండుసార్లు రిఫ్రెష్ చేయాలి. గూగుల్ ట్యాగ్ అసిస్టెంట్‌లోనూ మెటా టెస్ట్ ఈవెంట్స్‌లోనూ నిజమైన ఆర్డర్‌కు ఒక్క కబురు, రద్దయిన దానికి సున్నా పడాలి. రిఫ్రెష్ చేస్తే బ్రౌజర్ మళ్లీ కబురు పంపినా, దాంతో పాటు `transaction_id`గా ఆర్డర్ నంబర్ వెళ్తుంటే గూగుల్ దాన్ని రెండో అమ్మకంగా లెక్కించదు. మెటాలో బ్రౌజర్ నుంచీ సర్వర్ నుంచీ వచ్చే కబుర్లను కలిపేది `event_id`. అన్నిటికన్నా గట్టి మార్గం, పేమెంట్ గేట్‌వే నుంచి డబ్బు అందిందన్న సమాచారం వచ్చాక షాపు సర్వరే కబురు పంపడం. యాప్‌లోంచి తిరిగి రాని కస్టమర్ల లెక్క కూడా అప్పుడే తేలుతుంది.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా పోగుపడిన తప్పు లెక్కల సంగతి మిగిలింది. గూగుల్ యాడ్స్‌లో డేటా ఎక్స్‌క్లూజన్స్ అనే సదుపాయం ఉంది. ఆ తేదీలు అందులో పెడితే ఆటోమేటిక్ బిడ్డింగ్ వాటిని పక్కన పెడుతుంది. అది బిడ్డింగ్ వరకే, రిపోర్టుల్లో పాత అంకెలు అలాగే ఉంటాయి. అందుకే నెలాఖరు రిపోర్టులో ఆ నాలుగు రోజుల పక్కన ఆర్డర్ పుస్తకం అంకె కూడా రాయించుకోవాలి.

ఇలాంటి ఉత్తరం మీ ఏజెన్సీ నుంచి వస్తే కంగారుపడకండి, ఊరికే సరేననీ అనకండి. ఒక రోజు ఆర్డర్లు మీరే పుస్తకంలో లెక్కపెట్టి డ్యాష్‌బోర్డుతో పోల్చండి. రెండూ అచ్చుగుద్దినట్టు ఎప్పుడూ కలవవు, చిన్న తేడా సహజమే. షాపు మొత్తం ఆర్డర్ల కన్నా ప్రకటనల ఆర్డర్లే ఎక్కువ కనిపిస్తుంటే మాత్రం ఆ సాయంత్రమే ఆపించండి. ఎప్పుడు, ఏ పరీక్ష నెగ్గాక తిరిగి మొదలుపెడతారో ఉత్తరంలో లేకపోతే, అది రాసిచ్చాకే ఒప్పుకోండి.