పదమూడు పానా పట్టినంత మాత్రాన ఎం8 కాదు

మన మెకానిక్ షెడ్లలో బోల్టును పానా నంబరుతో పిలవడం అలవాటు. ‘పది నంబరు బోల్టు’ అంటే పది పానా పట్టేదని అర్థం. కానీ ఆ పది తల కొలత. దాని కాడ 6 మిల్లీమీటర్లే, అసలు పేరు ఎం6. ఎం8 బోల్టుకు మామూలుగా పదమూడు పానా పడుతుంది, జపాన్ పద్ధతి బళ్లలో అదే ఎం8కు పన్నెండు తల ఉంటుంది. అందుకే తెలియని బోల్టుకు జోడు వెతికేటప్పుడు తలను నమ్మకూడదు. కొలవాల్సింది కాడను.

పాత సామాన్ల కొట్లో కొన్న కంప్రెసర్‌కు ఒక బోల్టు పోయిందనుకుందాం. పక్కన మిగిలినదాన్ని ఊడదీసి, మరల మీద వెర్నియర్ కాలిపర్ పెడితే 7.86 మిల్లీమీటర్లు వచ్చింది. బోల్టు ఎప్పుడూ పేరులోని కొలత కంటే కాస్త సన్నగానే ఉంటుంది. నట్టులోకి తేలిగ్గా దూరడానికి ఆ సందు కావాలని కావాలనే అలా చేస్తారు. కొత్త ఎం8 బోల్టు కూడా 7.76 నుంచి 7.97 మధ్యనే తూగుతుంది. కాబట్టి ఇది ఎం8 కావచ్చు. చిక్కేమిటంటే, అంగుళంలో 5/16 వంతు కూడా 7.94 మిల్లీమీటర్లే. ఆ సైజు బోల్టు కూడా 7.86 చూపించవచ్చు. తల కొలిస్తే 12.7 వచ్చింది. అంటే సరిగ్గా అర అంగుళం. పదమూడు పానా కొంచెం వదులుగా దానికీ పట్టేస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే.

తేల్చేది పిచ్. ఒక మర గట్టు నుంచి పక్క గట్టుకు ఉన్న దూరమే పిచ్. ఒక్క సందును కొలిస్తే చెయ్యి కాస్త కదిలినా లెక్క తప్పుతుంది. పది సందులు కలిపి కొలిచి పదితో భాగిస్తే, కొలతలో 0.2 తేడా వచ్చినా పిచ్‌లో 0.02కు తగ్గిపోతుంది. పది సందులంటే పదకొండు గట్లు. పది గట్లు లెక్కపెట్టి పది సందులనుకోవడం అందరూ చేసే పొరపాటే. కాలిపర్ లేకపోతే మరల మీద కాగితం గట్టిగా నొక్కి, పడిన గీతలను స్కేలుతో కొలవవచ్చు.

ఎం8 ముతక మర పిచ్ 1.25, పది సందులకు 12.5 మిల్లీమీటర్లు రావాలి. సన్న మర అయితే 10. మన బోల్టుకు వచ్చింది 14.1, అంటే పిచ్ 1.41. మెట్రిక్ ఎం8లో వాడుకలో ఉన్న ఏ పిచ్‌కూ ఇది దగ్గర కాదు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 1.41తో భాగిస్తే 18. అంగుళానికి 18 మరలు అన్నది 5/16 ముతక మర లెక్క. ఇది అంగుళాల బోల్టని ఇక సందేహం అక్కర్లేదు.

కథ ఇంకా అయిపోలేదు. 5/16లో అమెరికన్ యూఎన్‌సీకీ 18 మరలే, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన బ్రిటిష్ మరకూ 18 మరలే. తేడా మర కోణంలో ఉంది: యూఎన్‌సీది 60 డిగ్రీలు, విట్‌వర్త్‌ది 55. కంటికి ఇది తెలియదు. పిచ్ గేజ్‌లో 18 అని రాసిన 60 డిగ్రీల రేకును మరల్లో కూర్చోబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. రేకు వెంట ఎక్కడా వెలుగు చారలు కనిపించకపోతే యూఎన్‌సీ. అర అంగుళం తల కూడా అటే మొగ్గుతోంది. రేకు లేనివాళ్లు, కచ్చితంగా తెలిసిన బోల్టును పక్కన పెట్టి మరకు మర పొదిగి చూసినా పిచ్ మటుకు తెలిసిపోతుంది, కోణం తెలియదు.

బోల్టు పాతదైతే నట్టు బిగిసే చోట మరలు సాగి ఉండవచ్చు. నట్టు తగలని చోట మరోసారి కొలవండి. రెండు చోట్లా పిచ్ తేడాగా ఉంటే ఆ బోల్టును మళ్లీ వాడకూడదు.

పొడవును షట్కోణ తల బోల్టుకు తల కింది నుంచి కొన వరకు చూస్తారు. తల చెక్కలో మునిగిపోయే కౌంటర్‌సంక్ రకానికి తలతో కలిపి చూస్తారు. మన బోల్టు 38 మిల్లీమీటర్లు వచ్చింది. ఎం8 అయితే కొట్లో 35, 40 దొరుకుతాయి, 38 అరుదు. అంగుళంన్నర మాత్రం 38.1. ఇదీ అంగుళాల వైపే సాక్ష్యం చెబుతోంది.

ఇది చూసుకోకుండా ఎం8 నట్టు ఎక్కిస్తే ఏమవుతుంది? ఒకటి రెండు చుట్లు సాఫీగా తిరుగుతుంది. ఆపైన బిగుసుకుంటుంది. అప్పుడు ‘తుప్పు పట్టింది’ అనుకుని పానాతో బలవంతం చేస్తే మరలు చిరిగిపోతాయి. సరైన జోడైతే శుభ్రం చేసిన నట్టు చివరిదాకా వేళ్లతోనే తిరగాలి.

కొట్టుకు వెళ్లినప్పుడు ‘పదమూడు నంబరు బోల్టు’ అనకుండా ‘5/16 యూఎన్‌సీ, 18 త్రెడ్, అంగుళంన్నర’ అని అడగండి. తల మీద ఏదైనా గుర్తు ఉంటే అదీ చూపించండి. 8.8 లాంటి అంకె మెట్రిక్ బలానికి గుర్తు, కేంద్రం నుంచి బయటికి పోయే మూడు గీతలుంటే అమెరికన్ గ్రేడ్ 5. సైజు కలిసినా గ్రేడ్ తగ్గిన బోల్టు ఆ చోటికి పనికిరాదు.