అర తరువాత మరో అర

1/2, 1/3, 1/5, 1/7... ఇలా ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను కూడుతూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా? ఆగదని 1737లో ఆయిలర్ చెప్పాడు. దీనికి 1938లో పాల్ ఎర్డిష్ ఇచ్చిన నిరూపణ మరీ ముచ్చటైనది. లెక్కపెట్టడం వస్తే చాలు, అర్థమవుతుంది.

2, 3, 5 దగ్గర ఆగుదాం. 256 వరకు ఉన్న సంఖ్యల్లో ఈ మూడింటితోనే తయారయ్యేవి ఎన్ని? అలాంటి ప్రతి సంఖ్యనూ ఒక వర్గం, ఒక మిగులుగా విడదీయవచ్చు. ఉదాహరణకు 180 అంటే 36 × 5. మిగులులో 2, 3, 5 ఒక్కొక్కటి ఉండవచ్చు, లేకపోవచ్చు. కనుక దానికి 8 రకాలే. 256కు వర్గమూలం 16 కాబట్టి వర్గాలు పదహారే. అంటే ఇలాంటి సంఖ్యలు 8 × 16 = 128కి మించవు.

మరి మిగతా సగం?

ఆ 128 సంఖ్యలనైనా 7 లేదా అంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఏదో ఒకటి భాగించాల్సిందే. 256 లోపు 7 గుణిజాలు 256/7కు మించవు, 11 గుణిజాలు 256/11కు మించవు. ఇవన్నీ కలిసి కనీసం 128 కావాలంటే 1/7 + 1/11 + 1/13 + ... కనీసం అర ఉండాలి.

ఎక్కడ ఆగినా ఇదే లెక్క నడుస్తుంది. k ప్రధాన సంఖ్యల తరువాత ఆగితే 256 బదులు 4^(k+1) తీసుకోవాలి, అంతే. ప్రతిసారీ ముందు మరో అర మిగిలే ఉంటుంది. అరలు ఎన్నటికీ తరగకపోతే మొత్తానికి హద్దు ఉండదు.

అయితే నడక మాత్రం బహు నెమ్మది. మొత్తం 1 దాటడానికి 5 వరకు కూడితే చాలు. 2 దాటడానికి 277 దాకా, 3 దాటడానికి 51,95,977 దాకా వెళ్లాలి.