ఒక చెవికే పాట: నెక్‌బ్యాండ్‌లో తీగ ఎక్కడ తెగింది?

నెక్‌బ్యాండ్‌లో ఒక వైపు మూగబోగానే చాలామంది అనే మాట ‘స్పీకర్ పోయింది’. తీరా విప్పి చూస్తే స్పీకర్ నిక్షేపంగా ఉంటుంది. దానికి పాటను మోసుకెళ్లే వెంట్రుకంత తీగ ఎక్కడో మెడ దగ్గర తెగి ఉంటుంది. పైన రబ్బరు తొడుగు చెక్కుచెదరదు కాబట్టి ఆ తెగిన చోటు కంటికి కనబడదు. రిపేరు చేయడం కంటే ఆ చోటును కనిపెట్టడమే ఇందులో అసలు పని. అందులో సగం పని స్క్రూడ్రైవర్ ముట్టుకోకుండానే చేయొచ్చు.

ముందు నెక్‌బ్యాండ్ లోపల ఏముందో చూద్దాం. రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ డబ్బీలు ఉంటాయి. బటన్లున్న డబ్బీలో సర్క్యూట్ బోర్డు ఉంటుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ రెండో డబ్బీలో ఉంటుంది. ఒకే వైపు రెండూ పెడితే ఆ వైపు బరువెక్కి, బ్యాండ్ మెడ మీద నుంచి జారిపోతుంది కదా. ఈ రెండు డబ్బీలనూ కలిపేదే మెడ చుట్టూ ఉండే పట్టీ. పట్టీ లోపల ఆకారం నిలబెట్టే స్ప్రింగు లాంటి లోహపు కడ్డీ ఒకటి, దాని పక్కనే సన్నని తీగలు కొన్ని ఉంటాయి. ఆ తీగల్లో రెండు బ్యాటరీ నుంచి బోర్డుకు కరెంటు తెస్తాయి. మరో రెండు బోర్డు నుంచి అవతలి చెవికి శబ్దం తీసుకెళ్తాయి. ఇక ప్రతి డబ్బీ నుంచీ చెవిలో పెట్టుకునే బడ్ దాకా ఒక పొట్టి వైరు వెళ్తుంది.

ఈ అమరిక తెలిస్తే చాలు, ఏ వైపు పోయిందన్నదే మొదటి ఆధారమవుతుంది. బటన్లున్న వైపు మూగబోయిందనుకోండి, పట్టీని అనుమానించనక్కర్లేదు. ఆ వైపు శబ్దం పట్టీలోకి వెళ్లదు, బోర్డు నుంచి నేరుగా పొట్టి వైరులోకి వెళ్తుంది. తెగితే ఆ పొట్టి వైరులోనే తెగాలి. అవతలి వైపు, అంటే బ్యాటరీ వైపు మూగబోతే మాత్రం పట్టీనీ పొట్టి వైరునూ రెండింటినీ అనుమానించాలి. పట్టీ వంచినప్పుడల్లా నెక్‌బ్యాండ్ మొత్తం ఆఫ్ అయిపోతుంటే అది శబ్దం తీగ కాదు, బ్యాటరీ తీగ. బ్యాటరీ, బోర్డు రెండూ ఒకే డబ్బీలో పెట్టిన మోడళ్లూ లేకపోలేదు. వాటిలో పట్టీ గుండా అవతలి చెవి తీగలు మాత్రమే వెళ్తాయి. అయినా పైన చెప్పిన లెక్క మారదు.

మరి మెడ దగ్గరే ఎందుకు తెగుతుంది? సెంట్రింగు పనిలో బైండింగ్ వైరును కట్టర్ లేకుండా తెంపడం చూసే ఉంటారు. ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున ఊడొస్తుంది. రాగి కూడా అంతే. ఎంత వంచామన్నదాని కంటే, వంపంతా ఒకే బిందువు దగ్గర పడుతోందా అన్నదే ముఖ్యం. పట్టీ మధ్యలో వంపు నిడివి పొడుగునా పంచుకుపోతుంది. గట్టి డబ్బీ అయిపోయి మెత్తని రబ్బరు మొదలయ్యే అంచు దగ్గర మాత్రం వంపంతా రెండు మూడు మిల్లీమీటర్లలోనే పడుతుంది. సరిగ్గా ఆ అంచే చొక్కా కాలరుకు ఆనుకుంటుంది. తల తిప్పిన ప్రతిసారీ కాలరు దాన్ని కాస్త నెడుతుంది. ఒక డబ్బీ పట్టుకుని పక్కకు లాగి బ్యాండ్ తీసేవాళ్లకూ, మడిచి ప్యాంటు జేబులో కుక్కేవాళ్లకూ ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎండాకాలం చెమట లోపలికి చేరిందంటే దాని ఉప్పుకు రాగి నల్లబడి, పచ్చబడి మరింత పెళుసవుతుంది.

ఇలా తెగడంలో ఒక చిత్రం ఉంది. ఆ తీగ ఒంటి తీగ కాదు, కొన్ని సన్నని పోగుల మెలిక. పోగులు ఒక్కొక్కటే తెగుతున్నా శబ్దంలో మనకేమీ తేడా తెలియదు. మిగిలిన ఒక్క పోగూ పాట మొత్తాన్ని మోస్తుంది. ఆ చివరి పోగు తెగినప్పుడే ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అంటాం. తెగాక కూడా కొసలు రెండూ తొడుగులో ఎదురెదురుగానే ఉంటాయి కాబట్టి తల ఒక పక్కకు తిప్పితే పాట వస్తుంది, ఇంకో పక్కకు తిప్పితే పోతుంది. ఈ దశలో పట్టుకుంటేనే చోటు తేలిగ్గా దొరుకుతుంది. పూర్తిగా మూగబోయేదాకా ఆగకండి.

వెతికే ముందు రెండు అనుమానాలు తీర్చుకోవాలి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ఎడమ కుడి శబ్దాన్ని సర్దే గీత ఒకటుంటుంది. అది ఒక పక్కకు జరిగి ఉందేమో చూడండి. తర్వాత బడ్ మూతి మీది జాలీలో గులిమి పేరుకుందేమో చూడండి. గులిమి అడ్డుపడితే శబ్దం క్రమంగా తగ్గుతూ పోతుంది, తీగ తెగితే వస్తూ పోతూ గరగరమంటుంది.

ఇప్పుడు వేళ్లతో పరీక్ష. పాట పెట్టకండి. పాటలో విరామాలుంటాయి, అది ఆగిందో తీగ ఆగిందో తెలియదు. తంబూరా శ్రుతి ఒకటి పెట్టండి, గంటసేపైనా ఒకే తీరున మోగుతుంది. మూగబోయిన బడ్ చెవిలో ఉంచుకుని, బడ్ మెడ నుంచి మొదలుపెట్టి వైరును అంగుళం అంగుళం పట్టుకుంటూ రండి. వంచడం కంటే, రెండు వేళ్ల మధ్య వైరు ముక్కను పట్టుకుని రెండు పక్కల నుంచీ లోపలికి నెట్టడం మేలు. తెగిన కొసలు దగ్గరకొచ్చి క్షణం పాటు శ్రుతి వినబడుతుంది. గట్టిగా వంచితే చుట్టుపక్కల రెండంగుళాలూ కదిలి చోటు తప్పు చూపిస్తుంది. ఒక చోట పరీక్షించేటప్పుడు మిగతా వైరు టేబుల్ మీద కదలకుండా ఉండాలి.

ఒక డెలివరీ కుర్రాడి నెక్‌బ్యాండ్‌నే తీసుకుందాం. బటన్లు కుడివైపు, మూగబోయింది ఎడమ. పొట్టి వైరు మొత్తం నెట్టి చూసినా ఉలుకూ పలుకూ లేదు. ఎడమ డబ్బీకి రెండు వేళ్ల వెడల్పు దూరంలో పట్టీని కదిపితే మాత్రం ఒక్కసారి గరగరమంది. బ్యాండ్ ఆఫ్ అవలేదు. అంటే బ్యాటరీ తీగలు బాగున్నాయి, శబ్దం తీగ ఒకటి తెగింది. ఇక రుజువు కావాలి, దానికి మల్టీమీటర్.

కుడి డబ్బీ తెరిచి, పవర్ ఆపి, మీటరును 200 ఓమ్‌ల రేంజిలో పెట్టారు. కుడి బడ్ తీగలు బోర్డుకు అతికిన రెండు చుక్కల మీద ఆనిస్తే 31 చూపింది. ఇలాంటి స్పీకర్లు సాధారణంగా 16 లేదా 32 ఓమ్‌లవి కాబట్టి అది సరైన లెక్కే. పైగా మీటరు ముల్లు ఆనించగానే బడ్‌లో చిన్నగా ‘టిక్’ మంటుంది. ఆ శబ్దం వచ్చిందంటే బోర్డు నుంచి బడ్ దాకా దారి అంతా బాగున్నట్టే. ఎడమ చుక్కల మీద పెడితే అంకె లేదు, టిక్ లేదు. తర్వాత ఎడమ డబ్బీ తెరిచారు. పట్టీలోంచి వచ్చిన తీగలు పొట్టి వైరుతో కలిసే అతుకులు అక్కడుంటాయి. ఆ అతుకుల నుంచి బడ్ వైపు కొలిస్తే మళ్లీ 31, మళ్లీ టిక్. స్పీకరూ పొట్టి వైరూ రెండూ నిర్దోషులని తేలింది. మిగిలింది పట్టీలోని రెండు తీగలు. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, కుడి చివర నుంచి ఎడమ చివరకు ఒక్కొక్క తీగనే చూస్తే ఎర్రది కూసింది, పచ్చది కూయలేదు. పచ్చదానికి ముల్లులు ఆనించి ఉంచి, ముందు గరగరమన్న చోట పట్టీని నెడితే మీటరు బీప్‌మని ఆగిపోయింది. చోటు ఖాయమైంది.

రెండు వైపులా 31 చూపి కూడా ఒక వైపు శబ్దం రాకపోతే తీగల జోలికి పోకండి. అప్పుడు తప్పు బోర్డుది. సూది గుచ్చి వెతికే పద్ధతిని కూడా ఇక్కడ నమ్మను. ఈ పోగులకు వార్నిష్ లాంటి పూత ఉంటుంది, సూది తగిలినా కరెంటు తగలదు.

సోల్డరింగ్‌లోనూ ఈ పూతే చాలామందిని మోసం చేస్తుంది. పూత పోగొట్టకుండా సోల్డర్ పెడితే అతికినట్టు కనిపిస్తుంది గానీ శబ్దం రాదు. వేడి సోల్డరింగ్ ఐరన్ కొసన కాస్త సోల్డర్ బొట్టులో తీగ కొసను ముంచి, వెండిలా మెరిసేదాకా ఉంచాలి. రెండు శబ్దం తీగల్లో ఒకటి ‘ఎర్తు’ అనుకుని బ్యాటరీ మైనస్‌కు కలిపే అలవాటు కూడా ప్రమాదమే. చాలా బ్లూటూత్ చిప్పుల్లో ఆ రెండూ శబ్దం తీగలే, ఏదీ ఎర్తు కాదు. కలిపితే చిప్పు పోవచ్చు.

తెగినచోట కోసి అతకడం సులువే గానీ నాకు నచ్చదు. అతుకు గట్టిగా ఉంటుంది, దాని అంచున కొత్త వంపు బిందువు పుడుతుంది. కొన్నాళ్లకు పక్కనే తెగుతుంది. పైన సూపర్ గ్లూ పోస్తే అది రాయిలా గట్టిపడి ఇంకా చెడగొడుతుంది. తెగిన తీగను అలాగే వదిలేసి, ఈ చివర నుంచి ఆ చివరకు కొత్త సన్న తీగ ఒకటి వేసి, రెండు అతుకులనూ డబ్బీల లోపలే పెట్టించడం మంచిది. పట్టీ తొడుగును లోపలి వైపు బ్లేడుతో చీల్చి తీగ పరిచి, మొబైల్ డిస్‌ప్లేలు అతికించే మెత్తని గమ్ముతో మూయొచ్చు. తీగను బిగుతుగా లాగకుండా కాస్త వదులుగా పరవాలి. తెగింది పొట్టి వైరులో, డబ్బీ నోటి దగ్గరైతే పని ఇంకా తేలిక. చెడిన ముక్క కత్తిరించి, మిగతాది లోపలికి లాగి అతికిస్తే సరి. ఆ వైపు వైరు ఒక అంగుళం పొట్టిదవుతుందంతే. బడ్ మెడలోనే తెగితే మాత్రం ఆశ తక్కువ. చాలా బడ్‌లను పగలగొట్టకుండా తెరవలేం.

విప్పేటప్పుడు బ్యాటరీ గుర్తుండాలి. స్విచ్ ఆపినా అందులో 3.7 వోల్టులు ఉంటాయి. దాని రెండు తీగలనూ ఒకే కత్తెరతో కలిపి కోస్తే షార్ట్ అయి మంట లేవొచ్చు. ఒక్కొక్కటే విడదీసి, కొసకు టేపు చుట్టాలి.

ఏడాది వారంటీ ఇంకా ఉంటే ఇదేదీ చేయకండి, విప్పిన గుర్తు కనబడితే కంపెనీ తీసుకోదు. వారంటీ దాటితే కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్లనో, మీ ఊళ్లో మొబైల్ రిపేరు షాపులోనో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ‘ఒక వైపు రావట్లేదు’ అని ఊరుకోకుండా, ఏ డబ్బీకి ఎంత దూరంలో నెడితే శబ్దం వస్తోందో చెప్పి, అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి.