రాని బాకీ: పుస్తకంలో ఒక లెక్క, పన్నుకు ఇంకో లెక్క

గుంటూరు ప్రాంతంలో ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణదారుకు మార్చి 31 ఇబ్బందికరమైన తేదీ. మిర్చి కోతలు ఇంకా సాగుతుంటాయి. కోసిన కాయలో కొంత యార్డుకు వెళ్తుంది, మిగతాది మంచి ధర కోసం కోల్డ్ స్టోరేజీలో ఆగుతుంది. రైతు చేతికి డబ్బు రాలేదు కాబట్టి దుకాణం బాకీ కూడా తీరదు. అరువు పద్దులు పీకలదాకా ఉన్న రోజునే పుస్తకాలు మూసి లాభం తేల్చాలి. ఆ పద్దుల్లో కొన్ని ఎప్పటికీ వసూలు కావని దుకాణదారుకు తెలుసు. ఏవి కావో మాత్రం చాలాసార్లు తెలియదు.

తెలియకపోయినా లెక్క ఆగదు. అమ్మకాన్ని ఈ ఏడాది ఆదాయంగా రాసుకున్నప్పుడు, ఆ అమ్మకం వల్ల పోబోయే డబ్బును కూడా ఈ ఏడాది లాభం నుంచే తీసి పక్కన పెట్టమంటుంది లెక్కల పద్ధతి. కామర్స్ పాఠ్యపుస్తకాల్లో దీన్ని సంశయాత్మక బాకీల ఏర్పాటు అంటారు. ఆడిటర్ దగ్గర వినిపించే మాట ప్రొవిజన్. ఇందులో ఏ రైతు పేరూ ఉండదు, ఎవరి ఖాతానూ ముట్టుకోరు. మొత్తం బాకీల మీద అనుభవాన్ని బట్టి ఇంత శాతం అని వేసుకుంటారు. కొత్త బాకీలకు తక్కువ, రెండు మూడు పంటల నుంచి కదలని పాత బాకీలకు ఎక్కువ శాతం వేసుకుంటే అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఊహకు ఒక దుకాణం తీసుకుందాం. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని దెబ్బతీసింది. 2022 మార్చి 31 నాటికి మన దుకాణానికి రావలసింది 20 లక్షలు. యజమాని 5 శాతం, అంటే లక్ష రూపాయలు ప్రొవిజన్ పెట్టాడు. అది పెట్టకముందు లాభం 6 లక్షలు, పెట్టాక పుస్తకంలో 5 లక్షలు. ఆస్తి అప్పుల పట్టీలో బాకీలు 20 లక్షల్లోంచి లక్ష తీసేసి 19 లక్షలుగా కనిపిస్తాయి. ఇంతవరకు సక్రమమే.

పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లక్ష చెల్లదు. ఆదాయపు పన్ను చట్టం 36(1)(vii) సెక్షన్ కింద తగ్గింపు దొరికేది ఖాతాల్లో కొట్టేసిన బాకీకే. ప్రొవిజన్‌ను కొట్టివేత కింద లెక్కించకూడదని ఆ సెక్షన్‌లోనే వివరణ చేర్చారు. బ్యాంకుల వంటి సంస్థలకు ప్రొవిజన్ మీద పరిమితంగా వేరే వెసులుబాటు ఉంది, దుకాణాలకు లేదు. కాబట్టి రిటర్ను వేసేటప్పుడు ఆ లక్ష తిరిగి కలపాలి, పన్ను 6 లక్షల మీదే కట్టాలి. వ్యాపారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ అంచనాకు తగ్గింపు ఇస్తే లాభం ఎక్కువ వచ్చిన ఏడాది అందరి భయాలూ పెరిగిపోతాయని ప్రభుత్వానికి తెలుసు.

మరుసటి ఏడాది 60 వేలు బాకీ ఉన్న ఒక కౌలు రైతు పొలం వదిలేసి ఊరు దాటాడు. ఇప్పుడు పేరు తెలిసింది, మొత్తం తెలిసింది. యజమాని ఆ రైతు ఖాతాకు 60 వేలు జమ వేసి, రానిబాకీల ఖాతాకు ఖర్చు రాసి, పద్దు మూసేశాడు. కొట్టివేత అంటే ఇదే. నష్టానికి నిరుడే లక్ష పక్కన పెట్టాడు కదా, ఈ 60 వేలు అందులోంచి పోతాయి, 40 వేలు మిగులుతాయి. 2023 మార్చి 31న మిగిలిన బాకీలు 18 లక్షలనుకుంటే వాటికి 5 శాతం చొప్పున 90 వేలు ఉండాలి. ఉన్న 40 వేలకు ఇంకో 50 వేలు కలపాలి. ఆ ఏడాది లాభనష్టాల ఖాతాను తాకేది ఈ 50 వేలే. ఇవేవీ లెక్కించకముందు లాభం 7 లక్షలైతే పుస్తకంలో ఆరున్నర లక్షలు మిగులుతాయి.

పన్నుకు వేసేటప్పుడు ఆ 50 వేలు ప్రొవిజన్ కాబట్టి కలుపుతారు, నిజంగా కొట్టేసిన 60 వేలు తీస్తారు. పన్ను లాభం 6 లక్షల 40 వేలు. చాలామంది పోగొట్టుకునేది ఈ రెండో అడుగులోనే. నిరుడు లక్ష కలిపినట్టు గుర్తుండదు. ఈసారి 60 వేలు లాభనష్టాల ఖాతాలో విడిగా కనిపించవు. దాంతో కలపాల్సింది కలిపేసి, తీయాల్సింది తీయకుండా వదిలేస్తారు. ప్రొవిజన్ ఖాతాలో ఏడాది మొదట ఎంత, వాడింది ఎంత, కలిపింది ఎంత అని ఒక చీటీ రాసి రిటర్ను కాగితాల్లో పెడితే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

బాకీ నిజంగా మునిగిందని ఎవరు రుజువు చేయాలి? 1989 ఏప్రిల్ 1కి ముందు వ్యాపారే చేయాలి. ఇది నిరుడే మునిగింది, ఈ ఏడాది అడగడానికి లేదని అధికారి అంటే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. ఆ తేదీ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, రాదని భావించి ఖాతాల్లో కొట్టేస్తే చాలంది. టీఆర్‌ఎఫ్ లిమిటెడ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. అధికారులు ఈ విషయం మీద పోట్లాడవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 మే 30న సర్క్యులర్ ఇచ్చింది. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారినా, ఈ సూత్రం అలాగే ఉంది.

అందువల్ల మూడేళ్లు ఆగాలి, కోర్టులో దావా వేసి ఉండాలి అని వినిపించే మాటలకు ఆధారం లేదు. కావలసింది ఆ ఏడాది పుస్తకంలో పద్దు. రిటర్ను వేసే రోజు గుర్తొచ్చి, ముగిసిన పుస్తకాల్లో లేనిదాన్ని తీసుకుంటానంటే కుదరదు. కొట్టేసినంత మాత్రాన రైతును అడిగే హక్కు కూడా పోదు. అతనికి మాఫీ చేసినట్టు కాదు, మీ పుస్తకంలో ఆశ వదులుకున్నట్టు.

రెండో షరతు ఇంతకంటే గట్టిది. ఆ బాకీ ఏదో ఒక ఏడాది మీ ఆదాయంగా లెక్కకు వచ్చి ఉండాలి. మందులు అరువిచ్చినప్పుడు అమ్మకంగా రాశారు కాబట్టి ఇబ్బంది లేదు. అదే రైతుకు కూలీల ఖర్చుకని 30 వేలు చేబదులు ఇచ్చి ఉంటే, అది రాకపోయినా ఈ సెక్షన్ కింద తగ్గింపు రాదు. అది ఎన్నడూ మీ ఆదాయం కాలేదు. వడ్డీ వ్యాపారమే వృత్తిగా ఉన్నవాళ్లకు, బ్యాంకులకు మాత్రం ఇచ్చిన అసలుకూ ఇది వర్తిస్తుంది. డబ్బు చేతికొచ్చినప్పుడే ఆదాయం రాసుకునేవాళ్లకు కొట్టేయడానికి ఏమీ ఉండదు. టర్నోవరు మీద శాతం చొప్పున లాభం చూపించే 44ఏడీ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారికీ విడిగా దొరకదు. అన్ని ఖర్చులూ ఆ శాతంలోనే వచ్చేశాయని చట్టం భావిస్తుంది.

ఊరొదిలిన రైతు రెండేళ్లకు తిరిగొచ్చి 25 వేలు కట్టాడనుకుందాం. దుకాణంలో గుమాస్తా అలవాటు ప్రకారం రైతు ఖాతాకే జమ వేస్తాడు. ఆ ఖాతా ఎప్పుడో మూసేశారు కనుక, రైతే మనకు 25 వేలు అడ్వాన్సు ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఏ కొనుగోలూ లేని పాత పేరు మీద జమ నిల్వ కనబడితే అనుమానించాల్సింది ఇదే. ఆ సొమ్ము రానిబాకీల వసూలు ఖాతాకు వెళ్లాలి. వసూలైన ఏడాది దాని మీద పన్ను కట్టాలి, ఎందుకంటే 60 వేలకూ తగ్గింపు వాడేశారు.

జీఎస్టీది వేరే దారి. బిల్లు వేసినప్పుడే పన్ను ప్రభుత్వానికి చేరిపోయింది. సరుకు వెనక్కి వస్తేనో, బిల్లులో ఎక్కువ వేసి ఉంటేనో క్రెడిట్ నోటు రాసి తగ్గించుకోవచ్చు. కొన్నవాడు డబ్బు ఎగ్గొట్టాడన్న కారణంతో మాత్రం ఆ పన్ను వెనక్కి రాదు.